చరిత్ర వ్యాస ప్రశ్నకు మార్కుల పథకం ఎలా తయారవుతుంది?

ఒకే ప్రశ్నకు ఇద్దరు విద్యార్థులు జవాబు రాస్తారు. ఇద్దరూ తప్పులు రాయలేదు, ఇద్దరివీ రెండేసి పేజీలు. అయినా ఒకరికి 20కి 8, మరొకరికి 15 వస్తాయి. "మా అబ్బాయి తేదీలన్నీ సరిగ్గా రాశాడు కదా, మార్కులెందుకు తగ్గాయి?" అని తల్లిదండ్రులు అడగడం సహజం. దీనికి సమాధానం పేపరు దిద్దేవారి చేతిలో ఉండే మార్కుల పథకంలో ఉంటుంది. ఆ పథకాన్ని ఎలా తయారుచేస్తారో ఒక ప్రశ్నను తీసుకుని చూద్దాం.

ప్రశ్న: "1956లో భారతదేశంలో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు పొట్టి శ్రీరాములు మరణమే ప్రధాన కారణం. ఈ అభిప్రాయంతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?" (20 మార్కులు)

మొదటి మెట్టు: ప్రశ్న ఏమి అడుగుతోంది?

పథకం రాసేవారు ముందుగా ప్రశ్నలోని మాటలను విడదీసి చూడాలి. ఇది పొట్టి శ్రీరాములు జీవితచరిత్ర రాయమనడం లేదు. "ప్రధాన కారణం" అన్నారు కనుక ఇతర కారణాలతో పోల్చాలి. "ఎంతవరకు" అన్నారు కనుక తూకం వేసి తీర్పు చెప్పాలి. "1956", "భారతదేశం" అన్నారు కనుక 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం దగ్గర ఆగిపోకూడదు. ఈ మూడూ తేల్చుకోకుండా మార్కులు పంచితే పథకం మొదట్లోనే దారి తప్పుతుంది.

రెండవ మెట్టు: సూచక విషయాలు

మంచి జవాబుల్లో కనిపించగల విషయాల పట్టికను సూచక విషయాలు అంటారు. ఇందులో వాదనకు రెండు వైపులా ఉండాలి.

అభిప్రాయాన్ని బలపరిచేవి: శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న మరణించారు. ఆంధ్ర ప్రాంతంలో అల్లర్లు చెలరేగాయి. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. 1953 అక్టోబరు 1న ఆ రాష్ట్రం ఏర్పడింది. దాంతో ఇతర భాషా ప్రాంతాల కోరికలకు బలం వచ్చింది. 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని నియమించారు.

ఇతర కారణాలను చూపేవి: భాషల ప్రకారం తన ప్రాంతీయ శాఖలను ఏర్పరచుకోవాలని కాంగ్రెసు 1920లో నాగపూరులోనే అంగీకరించింది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. 1948లో ధార్ కమిషన్ భాషా రాష్ట్రాలు వద్దన్నా, 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల సంఘం వాయిదా వేయమన్నా, కోరిక చావలేదు. ఫజల్ అలీ సంఘం కూడా భాషనొక్కదాన్నే కొలతగా తీసుకోలేదు. దేశ సమైక్యత, పాలనా సౌలభ్యం, ఆర్థిక స్థితిగతులు కూడా చూసింది. అందుకే 1956 తర్వాత కూడా బొంబాయి రాష్ట్రం మరాఠీ, గుజరాతీ భాషల ఉమ్మడి రాష్ట్రంగానే ఉండి, 1960లో విడిపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక పథకంలోనే రాసి ఉండాలి: ఇది లెక్కపెట్టి టిక్కులు పెట్టే జాబితా కాదు. ఇవన్నీ రాయనవసరం లేదు. జాబితాలో లేని సరైన విషయం రాసినా విలువ ఇవ్వాలి. ఈ వాక్యం లేకపోతే దిద్దేవారు పాయింటుకో మార్కు చొప్పున వేసుకుంటూ పోతారు. అప్పుడు వాదించిన విద్యార్థి కన్నా బట్టీపట్టిన విద్యార్థికే ఎక్కువ మార్కులు వస్తాయి.

మూడవ మెట్టు: స్థాయి వర్ణనలు

జవాబు ఏ రకానికి చెందిందో గుర్తుపట్టడానికి నాలుగు స్థాయిలు పెట్టుకుందాం.

1వ స్థాయి (1–5): విషయానికి సంబంధించిన కొన్ని సంగతులు విడివిడిగా ఉంటాయి, లేదా ఆధారం లేని అభిప్రాయం ఉంటుంది.
2వ స్థాయి (6–10): సంఘటనలను వరుసగా, చాలావరకు సరిగ్గా చెబుతుంది. కానీ ఒకటి మరొకదానికి ఎలా దారితీసిందో వివరించదు.
3వ స్థాయి (11–15): ఒకటికి మించిన కారణాలను తీసుకుని, ప్రతిదీ ఫలితానికి ఎలా దారితీసిందో ఆధారాలతో వివరిస్తుంది. తీర్పు ఉన్నా దానికి పూర్తి బలం ఉండదు.
4వ స్థాయి (16–20): కారణాలను ఒకదానితో ఒకటి పోల్చి, ఏది ఎందుకు బరువైనదో చెబుతుంది. తీర్పు వ్యాసంలోని ఆధారాల నుంచే వస్తుంది.

ప్రశ్నకు సంబంధించినది ఏమీ లేకపోతే సున్నా.

"బాగుంది", "చాలా బాగుంది" వంటి మాటలు ఈ వర్ణనల్లో లేవని గమనించండి. ఒకరికి బాగున్నది మరొకరికి చాలా బాగుండవచ్చు. జవాబు ఏ పని చేసిందో చెబితేనే ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే స్థాయిని గుర్తుపట్టగలరు. అలాగే శ్రీరాములు మరణమే ప్రధాన కారణమని వాదించినా, కాదని వాదించినా 4వ స్థాయికి దారి ఉండాలి. ఎటు తేల్చారన్నదానికి మార్కులు లేవు.

నాలుగవ మెట్టు: పరీక్షించి చూడటం

పథకం పనిచేస్తుందో లేదో నమూనా జవాబులు దిద్దితేనే తెలుస్తుంది. నమూనా కోసం మనమే రెండు జవాబులు ఊహించుకుందాం.

మొదటి విద్యార్థి దీక్ష తేదీ, మరణం తేదీ, నెహ్రూ ప్రకటన, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు ఏర్పడటం వరుసగా రాశాడు. అన్నీ నిజాలే. కానీ "ఆ తర్వాత", "ఆ తర్వాత" అన్న మాటలే వాటిని కలుపుతున్నాయి. ఇది 2వ స్థాయి. ఆ స్థాయికి మధ్యన ఉన్న 8తో మొదలుపెట్టి, వర్ణనకు ఎంత దగ్గరగా ఉందో చూసి పైకో కిందికో జరపాలి. ఇక్కడ 8 సరిపోతుంది.

రెండవ విద్యార్థిని తేదీలు తక్కువే ఇచ్చింది. కానీ ఇలా వాదించింది: కోరిక 1920 నాటికే ఉంది, అయినా 1949 వరకు ప్రభుత్వం వాయిదా వేస్తూనే వచ్చింది. మరణం తర్వాత నాలుగు రోజుల్లోనే ప్రకటన వచ్చింది. కాబట్టి ఆ మరణం కోరికను పుట్టించలేదు, అది నెరవేరే సమయాన్ని నిర్ణయించింది. తూకం చక్కగా ఉంది. కానీ వ్యాసం 1953 దగ్గర ఆగిపోయింది.

ఇక్కడే మన పథకంలో లోపం బయటపడుతుంది. తూకాన్ని చూసినవారు 18 వేయవచ్చు. 1956 ఊసే లేదన్నవారు 10 వేయవచ్చు. రెంటికీ పథకంలో సమర్థన దొరుకుతుంది. ఇద్దరి సగటు తీసి 14 వేస్తే ఈ పేపరు గట్టెక్కుతుంది గాని, తర్వాతి పేపరుకు మళ్లీ ఇదే సమస్య వస్తుంది. చేయవలసినది పథకానికి ఒక వాక్యం చేర్చడం: "ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటుకే పరిమితమైన జవాబు, వాదన ఎంత బలంగా ఉన్నా, 3వ స్థాయిని దాటదు." ఇప్పుడు ఇద్దరూ 15 దగ్గరే కలుస్తారు. తెలుగు పిల్లలకు ఆంధ్ర రాష్ట్ర కథ బాగా పరిచయం కాబట్టి ఈ ప్రశ్నలో ఇలాంటి జవాబులు ఎక్కువగా రావచ్చు. అందువల్ల ఈ వాక్యం అసలు పేపర్లు దిద్దడం మొదలుకాక ముందే చేరాలి. మధ్యలో చేరిస్తే అప్పటికే దిద్దినవాటికి అన్యాయం జరుగుతుంది.

ఆ విద్యార్థిని 4వ స్థాయికి చేరడానికి ఇంకొక్క పేరా చాలు. ఆంధ్ర ఏర్పాటు ఫజల్ అలీ సంఘానికి ఎలా దారితీసిందో చెప్పి, బొంబాయి ఉదాహరణతో ఆ ప్రభావానికి హద్దు ఎక్కడుందో చూపితే సరిపోయేది.

ఇంట్లో పాత ప్రశ్నపత్రంతో సాధన చేసేటప్పుడు ఈ నాలుగు వర్ణనలను పక్కన పెట్టుకోండి. చరిత్ర చదవని తల్లిదండ్రులు కూడా ప్రతి పేరా చివర "అయితే ఏమైంది? అది దీనికి ఎలా కారణమైంది?" అని అడగవచ్చు. జవాబు కాగితం మీదే ఉంటే వ్యాసం 3వ స్థాయికి చేరినట్టు. అది పిల్లవాడి నోట్లోనే ఉండి కాగితం మీద లేకపోతే, ఇంకా 2వ స్థాయిలోనే ఉన్నట్టు.