ఆరు రూపాయల కాల్ నిజంగా చవకేనా?

‘అన్నా, ఆరు రూపాయలే కదా. పోతే పోయిద్ది, తగిలితే వంద అయిద్ది’ అని గురజాల, మాచర్ల కుర్రాళ్లు నాతో అంటుంటారు. వాళ్లు చెప్పేది నిఫ్టీ వీక్లీ కాల్ గురించి. రేటు తక్కువైనంత మాత్రాన అది చవక కాదంటాన్నేను. ఎందుకో చూద్దాం.

కాల్ అంటే ఏందో మన మిర్చితో చెప్తా. క్వింటా 15 వేలు ఉందనుకోండి. ‘వచ్చే మంగళవారం నాకు 18 వేలకే ఇవ్వాలి’ అని మాట తీసుకుని వంద రూపాయలు బయానా కట్టారు. ఆ రోజు రేటు 18 వేలు దాటితేనే ఆ మాటకు విలువ. 17 వేలకి పెరిగినా బయానా పోయినట్టే. రేటు పెరిగిద్దన్నారు, పెరిగింది కూడా. అయినా డబ్బులు పోయినయ్.

నిఫ్టీలోనూ అంతే. బుధవారం సాయంత్రం నిఫ్టీ 25,000 దగ్గరుంది, వచ్చే మంగళవారం ముగిసే 25,600 కాల్ 6 రూపాయలు ఉందనుకుందాం. లాట్ 75 అనుకుంటే 450 రూపాయలు. నాలుగు ట్రేడింగ్ రోజుల్లో 600 పాయింట్లు, అంటే 2.4 శాతం పెరగాల. మధ్యలో అమ్ముకోవచ్చు, నిజమే. కానీ నిఫ్టీ కదలకుండా కూర్చుంటే రోజు రోజుకీ ఆ ఆరు కరిగిపోయిద్ది.

ఇట్టాంటి కాల్ 100 వారాలు కొన్నారనుకోండి. మామూలు మార్కెట్లో ఓ 3 సార్లు తగిలిద్దని, తగిలినప్పుడు 25,600 మీద సగటున 130 పాయింట్లు వస్తయ్యని వేసుకుందాం. ఒక్కోసారి 9,750 చొప్పున 29,250 వచ్చింది. పెట్టిందేమో 45,000. ఆర్డరుకి 20 రూపాయల బ్రోకరేజీ, దాని మీద జీఎస్టీ కలిపి ఇంకో 2,400 దాకా. మొత్తం మీద 18 వేల పైన నష్టం. లెక్క సరిపోవాలంటే 5 సార్లు తగలాల.

మరి ఆ రేటు అంత ఎందుకుంటది? ఒక్కసారి మార్కెట్ ఎగిరితే అమ్మినోడికి పెద్ద దెబ్బ, అందుకని వాడు కొంచెం ఎక్కువే అడుగుతాడు. చిన్న మొత్తమే కదా అని కొనేవాళ్లు ఎగబడతారు. తగిలిన 3 సార్ల స్క్రీన్‌షాట్లే వాట్సాప్‌లో తిరుగుతయ్. మిగతా 97 ఎవడూ పెట్టడు.

2024 సెప్టెంబరులో సెబీ ఇచ్చిన నివేదిక చూడండి. అది ఈ కాల్స్ ఒక్కటే కాదు, ఎఫ్ అండ్ ఓ మొత్తం మీద. అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగతంగా ట్రేడ్ చేసినవాళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. 2023-24లో ట్రేడ్ చేసినవాళ్లలో 43 శాతం మంది 30 ఏళ్లలోపు వాళ్లే.

అందుకే తమ్ముళ్లూ, కొనే ముందు ఒక పని చేయండి. పాత చార్టు తీసి, గడిచిన 100 వారాల్లో బుధవారం నుంచి మంగళవారానికి నిఫ్టీ 2.4 శాతం ఎన్నిసార్లు పెరిగిందో లెక్కపెట్టండి. ఆ కాల్ రేటుకి ఎన్నిసార్లు తగలాలో పక్కన రాసుకోండి. ఆ రెండు అంకెలు చూశాక చెప్పండి, ఆరు రూపాయలు చవకో కాదో.