కొవ్వొత్తి తెస్తానన్న మిత్రుడు

సంక్రాంతికి అందరం బడిలో కలుద్దామని పదో తరగతి బ్యాచ్‌కు కబురు వెళ్లింది. ఓ పాత మిత్రుడి జవాబు వెంటనే వచ్చింది: “తప్పకుండా వస్తాన్రా. కొవ్వొత్తి కూడా తెస్తా!”

ఆ మాటకు బ్యాచ్ అంతా పడీపడీ నవ్వింది. అప్పట్లో లెక్కల క్లాసుకు ముందు ఇద్దరు కలిసి నల్లబల్లకు కొవ్వొత్తి రుద్దారు. బల్ల గరుకుగా ఉంటేనే సుద్దపొడి దానికి పట్టుకుంటుంది. మైనం ఆ గరుకును పూడ్చేయడంతో సుద్దముక్క జర్రున జారింది. మాస్టారు తడిగుడ్డతో ఎంత తుడిచినా లాభం లేకపోయింది. మైనం నీళ్లకు కరగదు మరి.

నడివయసు దాటినవారికి పది, ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తొస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించారు. అలాగని ప్రతి వివరమూ నిలవదు. కొవ్వొత్తి తెచ్చింది నువ్వంటే నువ్వని ఆ ఇద్దరూ ఇప్పటికీ వాదించుకుంటున్నారు.