కోటప్పకొండ ప్రభ ఎత్తెంత? ఫోన్ ఫొటో, నీడతో ఇలా తేల్చొచ్చు

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు నిలబెట్టారంటే, మా ప్రభ పెద్దదంటే మా ప్రభ పెద్దదని వాదన మొదలవుతుంది. వంద అడుగులంటారు ఒకరు, ఇంకా ఎక్కువే అంటారు మరొకరు. పైకెక్కి టేపు పట్టేవాళ్లుండరు కదా! ఎండ ఉంటే ఫోన్ చాలు.

ప్రభ కొన నీడ నేల మీద ఎక్కడ పడిందో అక్కడ ఒక రాయి పెట్టి, వెంటనే ఫొటో తీయండి. ఫొటో పని టైమ్, లొకేషన్ గుర్తుపెట్టుకోవడమే. పొడవు తర్వాత తీరిగ్గా టేపుతో కొలవచ్చు. ప్రభ బండి అంచు నుంచి కాదు, కొనకు సరిగ్గా కింద ఉన్న చోటు నుంచి కొలవాలి.

ఉదాహరణకు 2025 శివరాత్రి, ఫిబ్రవరి 26 తీసుకుందాం. కోటప్పకొండలో సాయంత్రం 4 గంటలకు సూర్యుడు దిగంతం నుంచి దాదాపు 30.8 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. తేదీ, టైమ్, లొకేషన్ ఇస్తే NOAA Solar Calculator ఈ కోణం చెబుతుంది. నీడ 130 అడుగులు వచ్చిందనుకోండి. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో ఇలా కొట్టండి:

```
130 × tan(30.8)
```

జవాబు 77 అడుగుల పైచిలుకు. మైనస్ 92 వచ్చిందా? క్యాలిక్యులేటర్ RADలో ఉంది, DEGకి మార్చండి. నిజంగా వంద అడుగుల ప్రభైతే ఆ టైమ్‌కి నీడ 168 అడుగుల దాకా ఉండాలి.

అసలు తేడా కొట్టేది టైమ్ దగ్గర. సాయంత్రం పది నిమిషాల్లో సూర్యుడు రెండు డిగ్రీలకు పైగా దిగిపోతాడు. ఆ రోజు 4:10కి కోణం 28.5 డిగ్రీలే, అదే 130 అడుగుల నీడకు ఎత్తు 70 అడుగులు చూపిస్తుంది. ఏడు అడుగులు గల్లంతు! వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోలో తీసిన టైమ్ ఉండదు, అందుకే డాక్యుమెంట్‌గా పంపమనండి. అనుమానముంటే అదే ఫొటోలో ఎత్తు తెలిసిన మనిషిని నిలబెట్టండి. అయిదున్నర అడుగుల మనిషి నీడ 4 గంటలకు తొమ్మిదడుగుల పైన ఉంటుంది. అలా లేకపోతే టైమ్ తప్పు, లేదా నేల వాలుగా ఉంది.

వాలు సంగతి కొండ దగ్గర మామూలే. నీడ పడే వైపు నేల మూడు డిగ్రీలు దిగినా నీడ సాగి, ఎత్తు మరో ఏడు అడుగులు ఎక్కువ చూపిస్తుంది. ఫోన్‌లోని లెవెల్ యాప్‌ను నేల మీద ఒక చెక్కపై పెట్టి చూడండి, సమతలంగా ఉన్న చోటే కొలవండి.

ఇంకొకటి, కొన నీడ గీత గీసినట్టు ఉండదు. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. అంత ఎత్తు నుంచి పడేసరికి అంచు మూడు అడుగుల మేర మసకబారుతుంది. కొన మీది సన్నటి జెండా కర్ర నీడైతే అసలు కనిపించకపోవచ్చు. కాబట్టి మసక మధ్యలో రాయి పెట్టండి, జవాబును అడుగు రెండడుగులు అటూ ఇటూగా చెప్పండి. ఊళ్ల మధ్య వాదన తేల్చడానికి ఈ లెక్క చాలు. దారిలో కరెంటు తీగ కింద ప్రభ పడుతుందో లేదో తేల్చడానికి మాత్రం వాడొద్దు. అక్కడ ప్రభ నిలబెట్టకముందే, పడుకోబెట్టి ఉన్నప్పుడే టేపు పట్టాలి.