చివర్లలో చిక్కగా, నడుమ పలచగా

ఒక గీత ఉంది. దాని సూత్రం 1/(1+25x²). x విలువ −1 నుంచి 1 దాకా మారుతుంది. నడుమ, అంటే x సున్నా అయినచోట, గీత ఎత్తు 1. అక్కడి నుంచి రెండు పక్కలా నున్నగా దిగి, చివర్లలో 0.04 దగ్గరకు చేరుతుంది. ఎక్కడా తెగదు, విరగదు, గంటను బోర్లించినట్టు కుదురుగా ఉంటుంది. 1901లో జర్మన్ గణితవేత్త కార్ల్ రుంగే ఈ కుటుంబానికి చెందిన గీతతోనే ఒక చేదు నిజం బయటపెట్టాడు.

గీత మీద కొన్ని బిందువులు తీసుకుని, వాటన్నిటి గుండా పోయే బహుపదిని కట్టడాన్ని అంతర్వేశనం అంటారు. రెండు బిందువుల గుండా ఒక సరళరేఖ పోతుంది. మూడింటి గుండా x² దాకా పదాలున్న వక్రం, పదకొండింటి గుండా x¹⁰ దాకా పదాలున్న బహుపది పోతాయి. కంప్యూటరు కూడికలు, గుణకారాలు బాగా చేస్తుంది కాబట్టి, చిక్కుగా ఉన్న ఫంక్షన్ బదులు ఇలాంటి బహుపదిని వాడుకోవడం తేలిక. బిందువులు ఎన్ని ఎక్కువ తీసుకుంటే బహుపది అసలు గీతకు అంత దగ్గరవుతుందని ఎవరైనా అనుకుంటారు.

మన గంట గీత మీద −1, −0.8, −0.6 అంటూ సమాన దూరంలో పదకొండు బిందువులు పెట్టి చూద్దాం. నడుమ అంతా బాగానే ఉంటుంది. చివర్లకు వచ్చేసరికి బహుపది ఎగిరెగిరి పడుతుంది. x = 0.95 దగ్గర అసలు విలువ 0.042 అయితే, బహుపది చూపించేది 1.92. బిందువులు చాలలేదేమోనని ఇరవై ఒకటి పెడితే గరిష్ఠ దోషం తగ్గకపోగా 60 దాకా పెరుగుతుంది. ఒకటికి మించని గీతకు అరవై దోషం! పైగా ఈ తప్పు తొందరగా కంటపడదు. మనం తీసుకున్న బిందువుల దగ్గర దోషం సరిగ్గా సున్నా. అక్కడ మాత్రమే సరిచూసుకునేవాడు అంతా సవ్యంగా ఉందనే అనుకుంటాడు. బిందువుల మధ్య ఖాళీల్లో, ముఖ్యంగా చివరి ఖాళీలో, చూస్తేనే సంగతి తెలుస్తుంది.

ఇలా ఎందుకవుతుందో దోషం సూత్రమే చెబుతుంది. ఏదైనా x దగ్గర దోషం రెండు భాగాల లబ్ధం. మొదటిది ఫంక్షన్‌ది: దాని పైస్థాయి అవకలజాన్ని ఒక ఫ్యాక్టోరియల్‌తో భాగిస్తే వచ్చేది. ఫంక్షన్ ఎలాంటిదైతే ఇది అలా ఉంటుంది, మన చేతిలో లేదు. రెండోది మాత్రం పూర్తిగా మన చేతిలోదే. x నుంచి మనం ఎంచుకున్న ఒక్కో బిందువుకూ ఉన్న దూరాలన్నిటినీ గుణిస్తే వచ్చే సంఖ్య అది. దీన్ని దూరాల లబ్ధం అందాం.

నాలుగే బిందువులతో దీన్ని కాగితం మీద లెక్కకట్టవచ్చు. సమాన దూరం కావాలంటే −1, −1/3, 1/3, 1 తీసుకోవాలి. అప్పుడు లబ్ధం (x²−1)(x²−1/9). గుర్తు పక్కన పెడితే నడుమ, x = 0 దగ్గర, ఇది 0.111. చివరి ఖాళీలో, x సుమారు 0.745 దగ్గర, 0.198. చివర్లో దాదాపు రెట్టింపు అన్నమాట. కారణం తేలికే. నడుమ ఉన్న x కి బిందువులు రెండు పక్కలా ఉంటాయి, ఏదీ ఒకటిని మించిన దూరంలో ఉండదు. చివర్లో ఉన్న x కి దాదాపు బిందువులన్నీ ఒకే పక్కన, కొన్ని రెండు దాకా దూరంలో ఉంటాయి. పెద్ద దూరాలను గుణిస్తే పెద్ద లబ్ధమే వస్తుంది. బిందువులు పెరిగేకొద్దీ ఈ తేడా ముదురుతుంది. పదకొండు బిందువులకు చివరి ఖాళీలోని గరిష్ఠ లబ్ధం సుమారు 0.0085, నడుమ ఖాళీలో సుమారు 0.0001. అంటే ఎనభై రెట్లకు పైగా తేడా.

మరి చేయాల్సిందేమిటి? నడుమ ఉన్న మిగులును కొంత వదులుకుని, బిందువులను చివర్ల వైపు జరపాలి. దుప్పటి మరీ ఒక పక్కకు లాగితే రెండో పక్క చలి. ఎక్కడ ఆపాలన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబిచ్చిన రష్యన్ గణితవేత్త పఫ్నూతి చెబిషెవ్ ఈ దారికి వచ్చింది అంతర్వేశనం గురించి ఆలోచిస్తూ కాదు, ఆవిరి యంత్రాలను చూసి. పిస్టన్ కడ్డీ నిలువుగా నడవాలి. దాన్ని నడిపే వాట్ కడ్డీల కూర్పు మాత్రం నిలువు గీత నుంచి కాస్త అటూ ఇటూ తొలుగుతుంది. కడ్డీల కొలతలు ఎలా ఉంటే మొత్తం నడకలో ఆ గరిష్ఠ తొలగింపు అన్నిటికంటే తక్కువవుతుందని ఆయన అడిగాడు. 1854లో అచ్చయిన ఆ వ్యాసంలోనే నేడు ఆయన పేరుతో పిలిచే బహుపదులు పుట్టాయి. సగటు దోషం కాదు, ఉన్నవాటిలో అతి పెద్ద దోషం ఎంతన్నదే ఆయన పట్టింపు. కడ్డీ ఒక్కచోట గట్టిగా రాసుకున్నా యంత్రం అరుగుతుంది కదా.

ఆయన బిందువులను గీయడానికి వృత్తలేఖిని చాలు. −1 నుంచి 1 వరకున్న రేఖను వ్యాసంగా పెట్టి పైన అర్ధవృత్తం గీయండి. ఆ చాపాన్ని నాలుగు సమాన ముక్కలు చేసి, ఒక్కో ముక్క నడిమి బిందువు నుంచి వ్యాసం మీదికి లంబం దించండి. లంబాలు తాకిన చోట్లే నాలుగు చెబిషెవ్ బిందువులు: ±0.924, ±0.383. n బిందువులకు సూత్రం ఇది:

```
x_k = cos((2k − 1)π / (2n)),   k = 1, 2, …, n
```

చాపం మీద సమంగా ఉన్నవే, చాపం చివర్లలో నిటారుగా ఉండటం వల్ల, కింద రేఖ మీద చివర్లలో చిక్కగా, నడుమ పలచగా పడతాయి.

ఇప్పుడు దూరాల లబ్ధం విప్పితే x⁴ − x² + 1/8 వస్తుంది. x = 0 దగ్గర అది 1/8. x² = 1/2 అయినచోట 1/4 − 1/2 + 1/8, అంటే −1/8. చివర x = 1 దగ్గర మళ్లీ 1/8. −1, −0.707, 0, 0.707, 1 అనే ఐదు చోట్లా దాని ఎత్తు సమానం, గుర్తు మాత్రం ఒకటి విడిచి ఒకటి మారుతుంది. సమాన దూరంలో 0.198 దాకా పోయినది ఇప్పుడు 0.125 దాటదు.

ఇంతకంటే తగ్గించలేమా? లేము. దాని రుజువు నాకు గణితంలో చాలా ఇష్టమైన వాటిలో ఒకటి, ఎందుకంటే లెక్కే అక్కర్లేదు. ఎవరో వేరే నాలుగు బిందువులు ఎంచుకుని, గరిష్ఠం 1/8 కంటే తక్కువుండే లబ్ధం సాధించారనుకుందాం. మన లబ్ధంలోంచి వారి లబ్ధాన్ని తీసివేయండి. రెండింటిలోనూ x⁴ ఒక్కసారే ఉంది కాబట్టి అది కొట్టుకుపోయి, x³ దాకా పదాలే మిగులుతాయి. ఆ ఐదు చోట్లా మనది 1/8 లేదా −1/8. వారిది ఎక్కడా అంత ఎత్తు లేదు. కాబట్టి తేడా గుర్తు మన దాని గుర్తే: ప్లస్, మైనస్, ప్లస్, మైనస్, ప్లస్. గుర్తు నాలుగుసార్లు మారిందంటే తేడా నాలుగుచోట్ల సున్నా కావాలి. x³ దాటని బహుపది మూడుచోట్లకు మించి సున్నా కాలేదు. అలాంటి ఎంపిక ఉండదని తేలిపోయింది. n బిందువులకూ ఇదే వాదన. అప్పుడు లబ్ధం గరిష్ఠం 2ⁿ⁻¹ లో ఒక వంతు. పదకొండు బిందువులకు అది 0.001 కంటే కాస్త తక్కువ, సమాన దూరంలో వచ్చిన 0.0085లో తొమ్మిదో వంతు. నడుమ మాత్రం లబ్ధం దాదాపు పదిరెట్లు పెరిగింది. వదులుకున్నది అదే.

గంట గీతకు ఈ పదకొండు బిందువులతో బహుపది కడితే గరిష్ఠ దోషం 1.92 నుంచి 0.11కి పడిపోతుంది. ఇరవై ఒకటి పెడితే 0.015. బిందువులు పెంచితే మెరుగవుతుందన్న ఆశ ఇప్పుడు నిజమైంది.

అయినా ఇది అన్నిటికంటే తక్కువ దోషం కాదు, దానికి దగ్గర అంతే. మనం కనిష్ఠం చేసింది రెండు భాగాల్లో ఒకదాన్నే. మొదటి భాగం, ఫంక్షన్‌ది, x తో పాటు మారుతూ ఉంటుంది. అసలైన ఉత్తమ బహుపదికి బిందువులు ఎక్కడ పడతాయన్నది ఫంక్షన్‌ను బట్టి ఉంటుంది, ముందుగా చెప్పలేం. గంట గీతకు మాత్రం చెబిషెవ్ సూత్రం ఒకటి ఉండటంతో ఉత్తమ దోషాన్ని కచ్చితంగా కట్టవచ్చు. x¹⁰ దాటని బహుపదులన్నిటిలో ఉత్తమమైనదానికి గరిష్ఠ దోషం 0.066. మనకు వచ్చింది 0.11, అంటే రెట్టింపు కూడా కాదు. మరే ఫంక్షన్‌కైనా పదకొండు చెబిషెవ్ బిందువులతో వచ్చే దోషం ఉత్తమ దోషానికి మూడున్నర రెట్లు మించదని రుజువుంది. వంద బిందువులకు ఆ హద్దు ఐదు రెట్లలోపే, వెయ్యికి సుమారు ఆరున్నర. సమాన దూరపు బిందువులకు ఇదే హద్దు పదకొండుకు ముప్ఫై దాకా, ఇరవై ఒకటికి పదివేలు దాటుతుంది. ప్రతి ఫంక్షన్‌కూ ఉత్తమ బహుపదిని వెతకడానికి పడే శ్రమ చూస్తే, ఒక్క కొసైన్ సూత్రంతో ఇంత దగ్గరకు రావడం చవక బేరమే.

ఇది −1, 1 మధ్యకే పరిమితం కాదు. ఒక ఉష్ణోగ్రత సెన్సరు 20 నుంచి 100 డిగ్రీల దాకా పనిచేయాలి, నాలుగు కొలతలతోనే దాన్ని సరిచేయాలనుకుందాం. నడుమ 60, అటూ ఇటూ 40. కాబట్టి 60 + 40x లో పై నాలుగు బిందువులు పెడితే 23.0, 44.7, 75.3, 97.0 డిగ్రీలు వస్తాయి. 20 దగ్గరా 100 దగ్గరా కొలతే లేదేమని సందేహం రావచ్చు. నాలుగు బిందువుల లబ్ధం చివర్లలో కూడా నడుమ ఉన్నంతే, 1/8, అని ముందే చూశాం. 20 కంటే కిందికి, 100 కంటే పైకి పోతే మాత్రం ఆ లబ్ధం వేగంగా పెరిగిపోతుంది, అక్కడ ఈ బహుపదిని నమ్మకూడదు.

నచ్చినచోట కొలత తీసుకునే వీలుంటేనే ఇదంతా. గంటగంటకూ నమోదైన వర్షపాతం లాంటి లెక్కలు చేతికి వస్తే బిందువులు అప్పటికే సమాన దూరంలో పడిపోయి ఉంటాయి. అప్పుడు వాటన్నిటి గుండా ఒకే పెద్ద బహుపది కట్టకుండా, ముక్కముక్కకూ చిన్న బహుపదులు అతికే స్ప్లైన్లు వాడటం మేలు. ఫంక్షన్ నున్నగా లేకపోయినా చెబిషెవ్ బిందువులు నెమ్మదిస్తాయి. |x| లాగా ఒకచోట మొన తేలిన గీతకు, బిందువులు రెట్టింపు చేస్తే దోషం సుమారు సగమవుతుంది, అంతకు మించి తగ్గదు. ఇక 1914లో గెయార్గ్ ఫాబర్ నిరూపించిన దాని ప్రకారం, బిందువులను ఏ పద్ధతిలో ముందే నిర్ణయించుకున్నా, దాన్ని ఓడించే అవిచ్ఛిన్న ఫంక్షన్ ఒకటి ఎక్కడో ఉంటుంది. చెబిషెవ్ బిందువులకూ మినహాయింపు లేదు. కానీ ఆ ఫంక్షన్లు ఎంత గరుకుగా ఉండాలంటే, ఇంజినీరు బల్ల మీదికి అవి రావడం అరుదు.