మీటింగ్ లేకుండా బోర్డు తీర్మానం: ఎప్పుడు కుదురుతుంది, ఎప్పుడు కుదరదు?

నేను హనుమకొండలో కంపెనీ సెక్రటరీగా ప్రాక్టీస్ చేస్తున్నాను. నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, డైరెక్టర్లు తలో ఊళ్లో ఉన్నారు. కాగితం తిప్పి సంతకాలు పెట్టించుకుంటే సరిపోదా?" కొన్నిటికి సరిపోతుంది. కొన్నిటికి ఎన్ని సంతకాలున్నా సరిపోదు. ఈరోజు ఆ తేడా చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజ్ నడిపే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకోండి. ఐదుగురు డైరెక్టర్లు. ఇద్దరు వరంగల్‌లో, ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు ఖమ్మంలో ఉన్నారు. వీళ్లకి రెండు పనులు పడ్డాయి. ఒకటి, బ్యాంకు ఖాతాలో సంతకం చేసే వ్యక్తిని మార్చాలి. రెండోది, సీజన్ కోసం బ్యాంకు నుంచి రెండు కోట్ల క్యాష్ క్రెడిట్ తీసుకోవాలి.

మొదటి పని సర్క్యులేషన్‌లో చేసుకోవచ్చు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 175 దీనికి దారి చూపిస్తుంది. తీర్మానం ముసాయిదాని, అది ఎందుకో చెప్పే కాగితాలతో కలిపి, ఐదుగురికీ పంపాలి. "నలుగురు మనవాళ్లే, ఐదో ఆయనకి ఎందుకులే" అంటే తీర్మానమే చెల్లదు. చేతికివ్వచ్చు, పోస్టులోనో కొరియర్‌లోనో పంపచ్చు, లేదా కంపెనీ రికార్డులో ఉన్న ఈమెయిల్‌కి పంపచ్చు. వాట్సాప్ గ్రూపులో పెట్టి బొటనవేలు గుర్తులు లెక్కపెట్టకండి. రేపు ఎవరైనా "నేను కాగితాలే చూడలేదు" అంటే మీ దగ్గర గట్టి రుజువు ఉండదు.

జవాబివ్వడానికి ఏడు రోజులకి మించి గడువు ఇవ్వకూడదు. పోస్టులో, కొరియర్‌లో పంపితే ఇంకో రెండు రోజులు కలపాలి. ఇది సెక్రటేరియల్ స్టాండర్డ్-1 చెప్పే లెక్క.

ఇప్పుడు ఓట్లు చూద్దాం. ఐదుగురిలో ముగ్గురు ఒప్పుకుంటే మెజారిటీ. సోమవారం ఈమెయిల్ పంపారు, బుధవారానికి ముగ్గురు "సరే" అన్నారు. తీర్మానం బుధవారమే పాసైందా? లేదు. ఇంకా జవాబివ్వని ఇద్దరు ఉన్నారు కదా, ఇద్దరంటే మూడో వంతు కంటే ఎక్కువ. వాళ్లు "మీటింగ్ పెట్టండి" అనే అవకాశం ఇంకా ఉంది. గురువారం నాలుగో ఆయన "నేను ఒప్పుకోను" అన్నా సరే, మిగిలింది ఒక్కరే కాబట్టి ఆ రోజే పాసైనట్టు. ఆ ఇద్దరూ మౌనంగా ఉండిపోతే గడువు చివరి రోజున పాసవుతుంది. అదే ఇద్దరూ మీటింగ్ కావాలని అడిగితే, ముగ్గురు ఒప్పుకున్నా సరే, చైర్మన్ ఆ విషయాన్ని మీటింగ్‌లో పెట్టాల్సిందే. ఇద్దరే డైరెక్టర్లున్న కంపెనీలో అయితే ఏ ఒక్కరు అడిగినా మీటింగ్ తప్పదు.

పాసయ్యాక, తర్వాతి బోర్డు మీటింగ్‌లో దాన్ని నోట్ చేసి మినిట్స్‌లో ఎక్కించాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

ఇక రెండో పని, అప్పు. ఇక్కడ ఐదుగురూ సంతకం పెట్టినా సర్క్యులేషన్ చెల్లదు. సెక్షన్ 179(3) కొన్ని అధికారాలని బోర్డు మీటింగ్‌లోనే వాడాలంటుంది. అప్పు తీసుకోవడం, కంపెనీ డబ్బు పెట్టుబడి పెట్టడం, అప్పు లేదా గ్యారంటీ ఇవ్వడం, షేర్లు జారీ చేయడం, ఆర్థిక నివేదికలు ఆమోదించడం, వేరే కంపెనీలో విలీనం అవ్వడం లాంటివి అందులో ఉన్నాయి. ప్రైవేట్ కంపెనీకి కూడా ఇదే వర్తిస్తుంది. కారణం సులువే. కాగితం మీద "అవును, కాదు" మాత్రమే చెప్పగలం. "వడ్డీ ఎంత? తాకట్టు ఏంటి? ఎలా తీరుస్తాం?" అని అందరి ముందు అడగాలంటే కూర్చోవాలి.

ఒక చిన్న వెసులుబాటు ఉంది. మీటింగ్ కావాల్సింది ఆ రెండు కోట్ల లిమిట్ ఏర్పాటుకే. ఆ తర్వాత అందులోంచి రోజూ డబ్బు తీసుకోడానికి ప్రతిసారీ తీర్మానం అక్కర్లేదు.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే, బ్యాంకు తొందర పెడుతుంది. ఆఫీసులో ఒకరు "ఫలానా తేదీన జరిగిన మీటింగ్‌లో ఆమోదించారు" అని టైప్ చేసి, సర్టిఫైడ్ కాపీ ఇచ్చేస్తారు. మీటింగే జరగలేదు! తర్వాత డైరెక్టర్ల మధ్య గొడవ వస్తే, మొదట అడిగేవి మూడు: నోటీసు, హాజరు పట్టిక, మినిట్స్. మూడూ ఉండవు. అప్పుడు ఇరుక్కునేది ఆ కాపీ మీద సంతకం పెట్టినవాళ్లే.

మరి ఖమ్మం ఆయన రాలేకపోతే? వీడియో కాన్ఫరెన్స్ పెట్టండి. అది చట్టప్రకారం మీటింగే, అప్పుకీ పనికొస్తుంది. మామూలుగా ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రికార్డింగ్ దాచాలి. పావుగంట పని. ఆ పావుగంట మిగుల్చుకోవాలని చూస్తేనే తర్వాత ఏళ్ల తరబడి తిరగాల్సొస్తుంది.

మీ దగ్గర పాత లోన్ తీర్మానాలు ఉంటే, ఈ వారం ఫైల్ తీసి ఆ మూడు కాగితాలు ఉన్నాయో లేదో చూసుకోండి.