మీటింగ్ మినిట్స్ ఫోన్‌కు చెప్పి రాయిస్తున్నారా? దిద్దుబాటు తగ్గించే అలవాట్లివి

జహీరాబాద్‌లో ఓ మహిళా పొదుపు సంఘం మీటింగ్ జరుగుతోందనుకుందాం. పన్నెండు మంది సభ్యులు, పైన తిరుగుతున్న రెండు ఫ్యాన్లు, మధ్యలో చాప మీద ఒక ఫోన్. వాయిస్ టైపింగ్ ఆన్ చేసి, 'అదే రాసుకుంటుందిలే' అని వదిలేశారు. గంట తర్వాత చూస్తే స్క్రీన్ మీద ఎక్కడా ఫుల్‌స్టాప్ లేని ఒక పొడవాటి పేరా ఉంది. ఏ మాట ఎవరిదో తెలియదు. మంజూరు చేసిన అప్పు అరవై వేలా, ఇరవై వేలా అన్నదీ తేలడం లేదు.

ఇది చిన్న విషయం కాదు. సంఘం మినిట్స్ పుస్తకంలో రాసిన తీర్మానం మీదే అప్పు లెక్క నిలబడుతుంది. బ్యాంకు లింకేజీ రుణానికి వెళ్లినా ముందు అడిగేది తీర్మానాన్నే. అందులో అంకె తప్పితే మళ్లీ అందరినీ పిలిచి సంతకాలు పెట్టించుకోవాలి. అంతకన్నా చేత్తో రాసుకోవడమే నయమని చాలామంది ఫోన్‌ను పక్కన పెట్టేస్తారు. నిజానికి ఇబ్బంది ఫోన్‌తో కాదు, దాన్ని వాడే తీరుతోనే.

ఫోన్ ఎందుకు తప్పు వింటుంది?

గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ భాషలకు వాయిస్ టైపింగ్ తెచ్చింది. ఇది మొదటి నుంచీ ఒక మనిషి ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడేందుకు ఉద్దేశించిన సదుపాయం. అరచేతి దూరంలో ఉన్న గొంతును బాగానే అందుకుంటుంది. గది అవతలి మూల నుంచి వచ్చే మాట ఫోన్‌కు చేరేసరికి ఫ్యాన్ చప్పుడు, గోడల ప్రతిధ్వని అందులో కలిసిపోతాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు వాక్యాలూ కలిసి అర్థం లేని మూడో వాక్యం తయారవుతుంది.

జహీరాబాద్ లాంటి ఊళ్లో మరో చిక్కు ఉంది. కర్ణాటక సరిహద్దుకు దగ్గరి పట్టణం కాబట్టి ఒకే మీటింగ్‌లో తెలుగు, ఉర్దూ, కన్నడ వినిపిస్తాయి. ఒక సభ్యురాలు 'సాఠ్ హజార్ హోనా' అంటే పక్కనున్న వాళ్లందరికీ అర్థమవుతుంది. తెలుగుకు సెట్ చేసిన వాయిస్ టైపింగ్ మాత్రం దాన్ని ఏదో దగ్గరి తెలుగు మాటగా రాసేస్తుంది, లేదా వదిలేస్తుంది.

మరి ఏం చేయాలి?

మీటింగ్ మొత్తాన్ని ఫోన్‌కు వినిపించకండి. ఒక్కో అంశం ముగిశాక, మినిట్స్ రాసే ఒక్కరు ఫోన్‌ను దగ్గర పెట్టుకుని ఆ నిర్ణయాన్ని తమ గొంతుతో తిరిగి చెప్పాలి. అంతవరకూ మైక్ ఆఫ్‌లోనే ఉండాలి.

టీవీ లైవ్ కార్యక్రమాలకు సబ్‌టైటిళ్లు ఇచ్చేందుకు విదేశీ ఛానళ్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పద్ధతి ఇదే. అక్కడ ఒక ఉద్యోగి కార్యక్రమాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ, అదే మాటను స్పష్టంగా కంప్యూటర్‌కు తిరిగి చెబుతారు. కంప్యూటర్ వినేది ఎప్పుడూ ఒకే గొంతు కాబట్టి తప్పులు తగ్గుతాయి.

దీనివల్ల మూడు లాభాలున్నాయి. ఉర్దూలో వచ్చిన మాట తెలుగులోకి మారేది మనిషి నోటి దగ్గరే. గంట చర్చలో వేల మాటలు దొర్లినా, మినిట్స్‌కు కావాల్సిన ఒకటి రెండు వందల మాటలే ఫోన్‌లోకి వెళతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, నిర్ణయాన్ని అందరి ముందూ పైకి చెబుతారు కాబట్టి తప్పుంటే 'అట్ల కాదక్కా' అని అక్కడికక్కడే దిద్దుతారు.

మీటింగ్‌కు ముందు పది నిమిషాలు

ముందుగా ఫోన్ సెట్టింగ్స్ చూసుకోండి. జీబోర్డ్ వాడుతుంటే Languages లోకి వెళ్లి తెలుగు కీబోర్డ్ జోడించండి. తెలుగు కీబోర్డ్ తెరిచి ఉన్నప్పుడే మైక్ గుర్తు నొక్కండి. ఇంగ్లిష్ కీబోర్డ్ మీద నొక్కితే మీరు చెప్పిన తెలుగు వింత ఇంగ్లిష్‌గా పడవచ్చు. డేటా ఆన్‌లో ఉంచి, కాల్స్ రాకుండా Do Not Disturb పెట్టండి. మధ్యలో కాల్ వస్తే మైక్ ఆగిపోతుంది, అది మీరు గమనించకపోవచ్చు.

తర్వాత హాజరు పట్టిక టైప్ చేసి, ప్రతి పేరుకూ ఒక వరుస సంఖ్య ఇవ్వండి. ఫోన్ ఎక్కువగా తప్పు రాసేది పేర్లు, ఇంటిపేర్లే. అందుకే డిక్టేషన్‌లో పేరు చెప్పకుండా 'సభ్యురాలు ఏడు' అని చెప్పండి. తర్వాత ఆ చోట పట్టికలోని పేరు పెడితే సరి. కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్ వాడితే Ctrl+H నొక్కి ఒకేసారి మార్చవచ్చు. అయితే పెద్ద సంఖ్యల నుంచి మొదలుపెట్టండి. 'సభ్యురాలు 1'ని ముందు మారిస్తే, 'సభ్యురాలు 12'లోని ఒకటి కూడా మారిపోయి పేరు పక్కన 2 మిగులుతుంది.

చివరగా ఎజెండా అంశాలను శీర్షికలుగా టైప్ చేసి పెట్టుకోండి. ప్రతి శీర్షిక కింద నాలుగు మాటలు ఉంచండి: నిర్ణయం, ఎవరు, ఎప్పటిలోగా, ఎంత. మీటింగ్‌లో ఆయా మాటల పక్కన వేలు పెట్టి, మైక్ నొక్కి చెప్పడమే మీ పని. తెలుగు డిక్టేషన్‌లో ఫుల్‌స్టాప్, కొత్త పేరా వంటివి నోటితో చెబితే పడతాయని నమ్మలేం. ఖాళీలు ముందే విడివిడిగా ఉంటే ఆ అవసరమే తక్కువ.

ఒక అంశాన్ని రాసి చూద్దాం

పైన చెప్పిన సంఘంలోనే ఏడో సభ్యురాలు అరవై వేలు అప్పు అడిగారనుకుందాం. పావుగంట చర్చ జరిగింది. పాత అప్పు తీరిందా అని ఒకరు అడిగారు, కిస్తీ ఎంత కట్టగలవని మరొకరు అడిగారు. మైక్ ఆన్‌లో వదిలేస్తే దాదాపు ఇలా పడుతుంది:

'ఆ పాతది అయిపోయింది కదా మూడు వేలు కడతా అంటుంది ఇరవై నెలలు ఇరవై వేలు ఇద్దాం సరే అక్క వచ్చే నెల నుంచి'

ఇందులో అంకెలు ఉన్నాయి, నిర్ణయం లేదు. పైగా 'అరవై వేలు' కాస్తా 'ఇరవై వేలు' అయింది. ఇప్పుడు చర్చ అయ్యాక రాసేవారు ఇలా చెప్పారనుకోండి:

'నిర్ణయం, ఆమోదం. సభ్యురాలు ఏడుకు సంఘం నిధి నుంచి అప్పు. ఎంత, ఆరు సున్నా సున్నా సున్నా సున్నా. కిస్తీ నెలకు మూడు సున్నా సున్నా సున్నా, వడ్డీ అదనం. మొత్తం ఇరవై కిస్తీలు. మొదటి కిస్తీ వచ్చే నెల పదో తేదీ.'

ఇది పుస్తకంలోకి ఎక్కించడానికి రెండు మూడు నిమిషాలు చాలు. ఫోన్ అంకెల్ని అక్షరాల్లో రాసినా, అంకెల్లో రాసినా ఏ అంకె చెప్పారో తెలిసిపోతుంది. అంతేకాదు, లెక్క తనను తానే సరిచూసుకుంటుంది. మూడు వేల చొప్పున ఇరవై కిస్తీలంటే అరవై వేలు. స్క్రీన్ మీద ఇరవై వేలని పడితే లెక్క కుదరదు, తప్పు వెంటనే దొరుకుతుంది. డబ్బు విషయం ఏదైనా ఇలా రెండు దారుల్లో చెప్పడం అలవాటు చేసుకోండి.

ఏ తప్పులు కంటికి కనబడవు?

అర్థంలేని మాట పడితే చదవగానే తెలుస్తుంది. అర్థం ఉండి కూడా తప్పయిన మాటే ప్రమాదం. అలాంటివి ముఖ్యంగా రెండు చోట్ల వస్తాయి.

మొదటిది, దగ్గరగా వినిపించే అంకెలు. ఇరవై, అరవై, ఎనభై అనేవి చప్పుడులో ఒకదానికొకటి మారిపోవచ్చు. అందుకే అంకె అంకెగా చెప్పాలి. తేదీ చెబితే వారం పేరు కూడా జోడించండి. రెండూ పొసగకపోతే తప్పు ఉన్నట్టే.

రెండోది, వాక్యం చివర. తెలుగులో అవును, కాదు అనేది తేలేది క్రియ చివరనే. 'ఇస్తాం', 'ఇవ్వం' అనే మాటల్లో తేడా ఒక చిన్న శబ్దమే. మనకేమో వాక్యం చివర గొంతు తగ్గించే అలవాటు. ఆ చివరి శబ్దం పోతే తిరస్కరించిన దరఖాస్తు మంజూరైనట్టు రాసుకుంటాం. కాబట్టి నిర్ణయాన్ని వాక్యం మొదట్లోనే ఒక్క మాటలో చెప్పండి: ఆమోదం, తిరస్కరణ, లేదా వాయిదా. ఈ మూడింటికీ పోలిక లేదు.

మీటింగ్ ముగిసే ముందు, అందరూ లేవకముందే, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించండి. ఇంటికెళ్లాక దిద్దుకుందామంటే ఎవరేమన్నారో మీకే గుర్తుండదు.

రికార్డింగ్ కూడా పెట్టుకోవాలా?

అనుమానం వచ్చినప్పుడు వినడానికి పనికొస్తుంది. అయితే అందుకు రెండో ఫోన్ వాడండి. ఒకే ఆండ్రాయిడ్ ఫోన్‌లో రికార్డర్, వాయిస్ టైపింగ్ కలిపి వాడితే సాధారణంగా మైక్ ఒకదానికే అందుతుంది, రెండోదానికి నిశ్శబ్దమే మిగులుతుంది. కొత్త అంశం మొదలైనప్పుడల్లా రికార్డర్‌లో ఎన్నో నిమిషం నడుస్తోందో కాగితం మీద రాసుకోండి. అలా చేస్తే మొత్తం మళ్లీ వినక్కర్లేదు.

రికార్డ్ చేస్తున్నట్టు ముందే చెప్పి, సభ్యుల ఒప్పుకోలు తీసుకోండి. ఒకరి అప్పు, మరొకరి ఇంటి కష్టం అందులో ఉంటాయి. వాయిస్ టైపింగ్‌లో చెప్పిన మాట కంపెనీ సర్వర్‌కు కూడా వెళ్లవచ్చు. కాబట్టి ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు నోటితో చెప్పకుండా పుస్తకంలో చేత్తోనే రాయండి. సంతకాలు పూర్తయ్యాక రికార్డింగ్‌ను చెరిపేయండి.

గ్రామసభలకు వేరే టూల్ ఉందా?

ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో 'సభాసార్' అనే టూల్ తెచ్చింది. గ్రామసభ ఆడియో లేదా వీడియో రికార్డింగ్ ఇస్తే మినిట్స్ ముసాయిదా తయారుచేస్తుంది. కేంద్రం 2022లో ప్రారంభించిన 'భాషిణి' భాషా వేదిక దీనికి ఆధారం. ఇది పంచాయతీల కోసం ఉద్దేశించినది. పట్టణాల్లోని పొదుపు సంఘాలు, కాలనీ సంఘాలు తమ ఫోన్‌తోనే నెట్టుకురావాలి.

అయితే ఒక అలవాటు రెండు చోట్లా పనిచేస్తుంది. గ్రామసభలోనూ ప్రతి అంశం చివర ఒకరు మైక్ దగ్గరకొచ్చి నిర్ణయం, ఎవరు, ఎప్పటిలోగా, ఎంత అన్నది తిరిగి చెబితే రికార్డింగ్‌లో ఆ నాలుగు మాటలూ స్పష్టంగా ఉంటాయి. టూల్ ఏది ఇచ్చినా అది ముసాయిదా మాత్రమే. అందరి ముందూ చదివి, సంతకాలు పడ్డాకే అది తీర్మానం అవుతుంది.