లయ తప్పిన గుండెకు మందు ఎక్కడ పనిచేస్తుంది?

గుండెపోటు వచ్చి తేరుకున్నాక కొందరికి గుండె మధ్యమధ్యలో అదనంగా కొట్టుకుంటుంది. అలాంటివారికి ప్రాణాపాయం ఎక్కువని తెలిసి, ఆ అదనపు స్పందనలను అణిచేస్తే చాలని ఒకప్పుడు వైద్యులు భావించారు. 'కాస్ట్' అనే పెద్ద అధ్యయనం ఆ నమ్మకాన్ని పరీక్షించింది. 1991లో వెలువడిన ఫలితం ఇది: ఫ్లెకైనైడ్ లేదా ఎన్‌కైనైడ్ వాడిన 755 మందిలో 63 మంది చనిపోయారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో చనిపోయినవారు 26 మందే. మందు స్పందనలను అణిచింది, మరణాలను పెంచింది. కారణం గుండె కణంలోని విద్యుత్తులో ఉంది.

విశ్రాంతిలో ఉన్న జఠరిక కణం లోపల సుమారు మైనస్ 90 మిల్లీవోల్టులు ఉంటుంది. ఇది నాలుగో దశ. ప్రేరణ రాగానే సోడియం ద్వారాలు తెరుచుకుని ఆ అయాన్లు లోపలికి దూసుకొస్తాయి. ఈ సున్నా దశ ఎంత వేగంగా సాగితే ప్రేరణ పక్క కణానికి అంత వేగంగా అందుతుంది. ఒకటో దశలో కొంత పొటాషియం బయటికి పోతుంది. రెండో దశలో లోపలికొచ్చే కాల్షియం, బయటికెళ్లే పొటాషియం దాదాపు సరితూగుతాయి. కండరం ముడుచుకునేది ఆ కాల్షియం వల్లే. మూడో దశలో పొటాషియం ప్రవాహమే పైచేయి అయి కణం మళ్లీ విశ్రాంతికి వస్తుంది. అది దాదాపు పూర్తయ్యేదాకా కొత్త ప్రేరణకు కణం స్పందించదు.

మందుల నాలుగు తరగతులూ ఈ దశల మీదే పనిచేస్తాయి. ఫ్లెకైనైడ్ వంటి మొదటి తరగతి మందులు సోడియం ద్వారాలను మూసి సున్నా దశను మందగింపజేస్తాయి. రెండోవి బీటా బ్లాకర్లు. ఇవి అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించి, సైనస్ నోడ్ నాలుగో దశలో తనంతట తాను ప్రేరణను పుట్టించే వేగాన్ని తగ్గిస్తాయి. మూడోవైన సోటలాల్ వంటివి పొటాషియం ద్వారాలను అడ్డుకుని మూడో దశను సాగదీస్తాయి. నాలుగోవైన వెరపమిల్, డిల్టియాజెమ్ కాల్షియాన్ని ఆపుతాయి. ఏవీ నోడ్‌లో సున్నా దశ కాల్షియంతోనే నడుస్తుంది కాబట్టి అక్కడ ప్రేరణ నెమ్మదిస్తుంది. అమియోడరోన్‌ను మూడో తరగతిలో చేర్చినా, నాలుగు రకాల పనులూ చేస్తుంది.

ఇప్పుడు గుండెపోటు మచ్చ దగ్గరికి వద్దాం. మచ్చ చుట్టూ తిరిగొచ్చిన ప్రేరణకు, ముందున్న కణాలు ఇంకా తేరుకోకపోతే, అక్కడితో దారి మూసుకుపోతుంది. ఫ్లెకైనైడ్ ఆ ప్రేరణను నెమ్మదింపజేస్తుంది. అది ఆలస్యంగా వచ్చేసరికి కణాలు తేరుకుని ఉంటాయి, దాంతో ప్రేరణ ఆగకుండా చక్రంలా తిరుగుతూ ప్రాణాంతకమైన వేగాన్ని పుట్టించగలదు. అందుకే గుండెపోటు మచ్చ ఉన్నవారికి ఈ మందు ఇవ్వరు. గుండె నిర్మాణం బాగున్నవారిలో కర్ణికల లయ చెడితే మాత్రం ఇప్పటికీ వాడతారు.

మూడో తరగతికి ఇంకో ప్రమాదం ఉంది. మూడో దశ మరీ సాగితే, మూసుకున్న కాల్షియం ద్వారాలు మళ్లీ తెరుచుకుని అకాల స్పందన పుట్టవచ్చు. ఒంట్లో పొటాషియం తగ్గితే ఈ ముప్పు పెరుగుతుంది. ఈసీజీలో సరిచేసిన క్యూటీ 500 మిల్లీసెకన్లు దాటడం దీనికి హెచ్చరిక. మొదటి తరగతి మందుల ప్రభావం మితిమీరితే క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది. ఈ మందులు వాడుతూ ఎవరైనా స్పృహ తప్పితే నీరసమని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి.